ఒకే 28.13, మూడు రకాల నష్టం: వీమాఫ్ పోలిక డైరీ

పని ఏమిటి

విజయనగరంలో మా చిన్న బృందం ఉత్తరాంధ్ర జానపద ప్రదర్శనలను వీడియోలుగా భద్రపరుస్తోంది. మూల ఫైళ్లు చాలా పెద్దవి కాబట్టి, వాటిని హార్డ్ డిస్కుల్లో దాచి, ఊళ్లలో ఫోన్ మీద చూడటానికి వీలుగా చిన్న కాపీలు తయారు చేయాలి. ఎంతవరకు కుదిస్తే చూసేవారికి లోటు తెలియదన్నదే ప్రశ్న. సంగ్రహంలోని ప్రతి వీడియోనూ మనుషులను కూర్చోబెట్టి చూపించి అడగడం సాధ్యం కాదు కనుక, ఏదో ఒక కొలమానాన్ని నమ్ముకోక తప్పదు. పిక్సెల్ తేడాను లెక్కించే పీఎస్‌ఎన్‌ఆర్, మనుషుల చూపును అంచనా వేసే వీమాఫ్ అనే కొలమానాల్లో దేన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవడానికి ఈ డైరీ మొదలుపెట్టాను.

పరీక్షకు రెండు క్లిప్పులు ఎంచుకున్నాను. మొదటిది పగటి వెలుగులో, చింతచెట్టు పక్కన మట్టి నేల మీద ఆడిన తప్పెటగుళ్లు. ఛాతీ మీద తప్పెటలు, కాళ్లకు గజ్జెలు, గిరగిర తిరిగే మనుషులు, లేచే దుమ్ము అన్నీ అందులో ఉన్నాయి. రెండవది రాత్రి పూట ఒకే రంగు తెర ముందు, తక్కువ వెలుతురులో చెప్పిన హరికథ. ఆదిభట్ల నారాయణదాసుగారు తిరిగిన ఊరిలో సంగ్రహం చేస్తూ హరికథను పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. పైగా ఆ చీకటి తెర వీడియో కుదింపుకు చాలా కఠినమైన పరీక్ష.

పిక్సెల్ తేడా ఏమి లెక్కిస్తుంది

పీఎస్‌ఎన్‌ఆర్ అనేది సూటి లెక్క. మూల చిత్రంలోని ప్రతి పిక్సెల్ విలువ నుంచి కాపీలోని అదే పిక్సెల్ విలువను తీసివేసి, ఆ తేడాను వర్గం చేసి, ఫ్రేము మొత్తానికి సగటు తీస్తారు. ఆ సగటు వర్గ దోషాన్ని డెసిబెల్స్‌లోకి మారుస్తారు. 8 బిట్ల వీడియోకు సూత్రం ఇది:

```
PSNR = 10 * log10(255^2 / MSE)
```

ఈ లెక్కలో దోషం ఎంత ఉందన్నదే తప్ప ఎక్కడ ఉంది, ఏ రూపంలో ఉంది అన్న ప్రశ్నకు తావు లేదు. దీన్ని మాటల్లో చెప్పుకోవడం కన్నా, సగటు వర్గ దోషం సరిగ్గా 100 వచ్చేలా చిత్రాన్ని వేర్వేరు మార్గాల్లో పాడుచేసి చూడటం మేలనిపించింది. దోషం 100 అయితే 65025ను 100తో భాగించి సంవర్గమానం తీస్తే 28.13 డెసిబెల్స్ వస్తుంది. ఏ క్లిప్పు తీసుకున్నా ఈ అంకె మారదు.

మొదటి మార్గంలో తప్పెటగుళ్ల క్లిప్పులో ప్రతి పిక్సెల్ వెలుగు విలువకూ 10 కలిపాను. తేడా అంతటా 10, దాని వర్గం 100.

```
ffmpeg -i ref.mkv -vf "lutyuv=y=val+10" -c:v ffv1 bright.mkv
```

రెండవ మార్గంలో ఫ్రేములో నూటికి ఒక వంతు పిక్సెల్స్‌ను మాత్రమే ముట్టుకుని, వాటికి 100 చొప్పున కలిపాను. 100 వర్గం 10000, అందులో నూరో వంతు మళ్లీ 100. 1920×1080 ఫ్రేములో నూరో వంతు అంటే 20736 పిక్సెల్స్, అంటే కచ్చితంగా 144×144 చదరం. ఈ చదరాన్ని చింతచెట్టు నీడలో, నలుపు ఎక్కువగా ఉన్న చోట పెట్టాను. వెలుగైన చోట పెడితే 100 కలిపాక విలువ 255 దాటిపోయి లెక్క తప్పుతుంది.

```
ffmpeg -i ref.mkv -vf "geq=lum='if(between(X,200,343)*between(Y,700,843),lum(X,Y)+100,lum(X,Y))':cb='cb(X,Y)':cr='cr(X,Y)'" -c:v ffv1 square.mkv
```

మూడవ మార్గంలో వెలుగు పొర మొత్తాన్ని మసకబార్చాను. ఇక్కడ అంకె సూత్రం నుంచి నేరుగా రాదు. పీఎస్‌ఎన్‌ఆర్ 28 దగ్గరకు వచ్చేదాకా సిగ్మా విలువను కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోవాలి, ఈ క్లిప్పుకు అది 2 దగ్గర ఆగింది.

```
ffmpeg -i ref.mkv -vf "gblur=sigma=2:planes=1" -c:v ffv1 blur.mkv
```

మూడు ఫైళ్లనూ నష్టం లేని ఎఫ్‌ఎఫ్‌వీ1లోనే దాచాను. మామూలు ఎన్‌కోడర్ వాడితే దాని నష్టం కూడా కలిసిపోయి, దేనికి ఎంత అంకె తగ్గిందో విడదీయలేము.

కొలత

```
ffmpeg -i blur.mkv -i ref.mkv -lavfi "libvmaf=feature=name=psnr|name=float_ssim:log_fmt=json:log_path=blur.json" -f null -
```

పాడైన ఫైలు ముందు, మూల ఫైలు తరువాత రావాలి. వరుస తారుమారైతే ఆదేశం మారు మాట్లాడకుండా నడుస్తుంది, వచ్చే అంకె మాత్రం వేరే ప్రశ్నకు జవాబు అవుతుంది.

అన్నిటికన్నా ముందు మూల ఫైలును దానితోనే పోల్చాను. లాగ్‌లో వెలుగు పొర పీఎస్‌ఎన్‌ఆర్ అయిన `psnr_y` 60 అని వచ్చింది. తేడా సున్నా అయితే పీఎస్‌ఎన్‌ఆర్ అనంతం కావాలి, కానీ ఈ కొలతలన్నీ చేసే libvmaf లైబ్రరీ 8 బిట్లకు 60 దగ్గర కత్తిరిస్తుంది. వీమాఫ్ కూడా అన్ని ఫ్రేములకూ 100 ఇవ్వదు. కదలిక లేని ఫ్రేములకు, ముఖ్యంగా మొట్టమొదటి ఫ్రేముకు, 97 చుట్టూ ఆగుతుంది. కదలిక అన్న కొలత సున్నా అయినప్పుడు ఆ నమూనా ఇచ్చే విలువే అది. ఇది తెలియకపోతే, తక్కువ కదలిక ఉన్న హరికథలో లేని లోపం కోసం వెతుక్కుంటాం.

తరువాత మూడు కాపీలు. వెలుగు పెంచిన కాపీకి ప్రతి ఫ్రేముకూ పీఎస్‌ఎన్‌ఆర్ 28.13 వచ్చింది, కనిష్ఠానికీ గరిష్ఠానికీ తేడా లేదు. చదరం కాపీకీ అదే 28.13. మసక కాపీకి సగటున 28 పైచిలుకు. పీఎస్‌ఎన్‌ఆర్ దృష్టిలో మూడూ ఒకే స్థాయివి. వీమాఫ్‌లో మాత్రం వెలుగు పెంచిన కాపీకి మూల ఫైలును దానితోనే పోల్చినప్పుడు వచ్చిన అంకే దాదాపుగా వచ్చింది. మసక కాపీ అంకె దానిలో సగానికి అటూ ఇటూగా పడిపోయింది. చదరం కాపీకి స్వల్పంగానే తగ్గింది. ఈ చివరి ఫలితం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను.

మనుషులు ఏమన్నారు

మా గదిలో ఉన్నది 43 అంగుళాల టీవీ. దాని తెర ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు. వీమాఫ్ మామూలు నమూనాను తయారుచేసినప్పుడు చూసేవారిని హెచ్‌డీ తెర ఎత్తుకు మూడు రెట్ల దూరంలో ఊహించారు కనుక, కుర్చీలను గోడకు దగ్గరగా కాక 1.6 మీటర్ల దగ్గర వేశాను. చూసినవారు తప్పెటగుళ్లు నేర్పే గురువుగారు, ఆయన శిష్యులు, మా బృందం వాళ్లు. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి బీటీ.500 సిఫారసు ప్రకారం ఇలాంటి పరీక్షకు కనీసం 15 మంది ఉండాలి, మా దగ్గర అంతమంది లేరు. అందుకే సగటు మార్కులు లెక్కించలేదు, ఏది మేలు, ఏది నాసి అన్న వరుసను మాత్రమే తీసుకున్నాను.

వెలుగు పెంచిన కాపీని విడిగా చూపినప్పుడు ఎవరికీ తేడా తెలియలేదు. మూలం పక్కన పెట్టి చూపాక ఒక శిష్యుడు కాస్త ఎండ ఎక్కువైనట్టుందన్నాడు. మసక కాపీ మొదలైన కొద్ది క్షణాలకే గురువుగారు ముందుకు వంగి, "గజ్జెలు అగుపడ్నేదు బాబూ, కాళ్లు మాత్రమే ఆడతన్నాయి" అన్నారు. ఆయన చూసే వస్తువు అదే. గజ్జెల వరుస కదిలే తీరు నుంచే అడుగు సరిగ్గా పడిందో లేదో ఆయన చెబుతారు. మసక మొట్టమొదట తినేసేది సరిగ్గా ఆ సన్నని వివరాలనే. చదరం కాపీని వేయగానే అందరూ ఒకేసారి అటు వేలు చూపించారు, ఆట ఎవరూ చూడలేదు.

అంటే మూడింటిలో పీఎస్‌ఎన్‌ఆర్‌కు ఏ తేడా తెలియలేదు. వీమాఫ్ రెండింటిని మనుషుల్లాగే తీర్చింది, చదరాన్ని మాత్రం పట్టించుకోలేదు.

ఎందుకు ఇలా

నెట్‌ఫ్లిక్స్ 2016లో బయటపెట్టిన వీమాఫ్ ఒకే సూత్రం కాదు. అది మూడు రకాల కొలతలను తీసుకుంటుంది. మూల చిత్రంలోని దృశ్య సమాచారంలో ఎంత భాగం కాపీలో మిగిలిందో నాలుగు వేర్వేరు సైజుల్లో చూసి చెప్పేది ఒకటి. గీతలు, అంచులు వంటి వివరాలు ఎంత పోయాయో చెప్పేది రెండవది. పక్కపక్క ఫ్రేముల మధ్య వెలుగు ఎంత మారిందో చెప్పే కదలిక కొలత మూడవది. కుదించిన వీడియోలకు మనుషులు ఇచ్చిన మార్కులతో శిక్షణ పొందిన ఒక గణిత నమూనా వీటిని కలిపి 0 నుంచి 100 మధ్య అంకెగా మారుస్తుంది.

మొదటి రెండు కొలతలూ చిత్రంలోని స్థానిక హెచ్చుతగ్గులను చూస్తాయే కాని నిలకడగా ఉన్న వెలుగు మట్టాన్ని చూడవు. అంతటా 10 కలిపితే పక్కపక్క పిక్సెల్స్ మధ్య తేడాలు మారవు, కాబట్టి వాటికి ఏమీ జరగనట్టే ఉంటుంది. మసకబారిస్తే ఆ తేడాలే చెరిగిపోతాయి, అంకె కుప్పకూలుతుంది. ఎస్‌ఎస్‌ఐఎం అనే మరో కొలమానం పీఎస్‌ఎన్‌ఆర్‌కూ వీమాఫ్‌కూ మధ్యన ఉంది. అందులో వెలుగు మట్టానికీ ఒక భాగం ఉంది కనుక మధ్యస్థ వెలుగులో 10 పెరిగితే దాదాపు చలించదు, చీకటి నీడల్లో మాత్రం కొంచెం తగ్గుతుంది.

చదరం విషయంలో రెండు కారణాలు కలిశాయి. చదరం లోపల అంతా సమానంగా పెరిగింది కనుక అక్కడ వివరాలు చెడలేదు, మార్పు దాని నాలుగు అంచుల దగ్గరే ఉంది. పైగా వివరాల నష్టాన్ని కొలిచే కొలత పోయిన వివరాలనే లెక్కపెడుతుంది, కొత్తగా వచ్చిచేరిన అంచులను కాదు. ఆ మిగిలిన కొంచెం కూడా ఫ్రేము మొత్తం మీద పంచబడి పలచబడుతుంది. వీమాఫ్ శిక్షణ పొందినది కుదింపు వల్ల, సైజు మార్పు వల్ల వచ్చే నష్టాల మీదనే. అవి సాధారణంగా ఫ్రేము అంతటా పరుచుకుంటాయి. టేపు మీది గీత, ఎగిరిపోయిన బ్లాకు, కెమెరా లెన్సు మీది మరక వంటివి దాని పరిధిలో లేవు. కాబట్టి మా సంగ్రహంలో అలాంటి లోపాలను వెతకడానికి ఈ అంకెను వాడకూడదని రాసుకున్నాను.

రంగు తీసేస్తే

ఈ పరీక్ష చిన్నదే అయినా మా సంగ్రహానికి చాలా అవసరమైనది. తప్పెటగుళ్ల దుస్తుల రంగులన్నిటినీ తుడిచేసి నలుపు తెలుపు కాపీ తయారు చేశాను.

```
ffmpeg -i ref.mkv -vf "hue=s=0" -c:v ffv1 gray.mkv
```

వీమాఫ్ అంకె మూల ఫైలును దానితోనే పోల్చినప్పటి అంకెకు ఏమాత్రం తగ్గలేదు. మామూలు నమూనా వెలుగు పొరను మాత్రమే చదువుతుంది కనుక అది ఆశ్చర్యం కాదు. అయినా కళ్లముందు బూడిదరంగు బొమ్మ ఆడుతుంటే పక్కన అంత పెద్ద అంకె కనిపించడం మనసులో నాటుకుంటుంది. ఇక్కడ ఆ పాత పిక్సెల్ తేడానే పనికొచ్చింది. `psnr_y` 60 దగ్గరే ఉన్నా `psnr_cb`, `psnr_cr` రెండూ బాగా పడిపోయాయి. అప్పటి నుంచి ప్రతి కొలతలోనూ ఈ రెండు రంగు పొరల అంకెలను కాపలాగా ఉంచుతున్నాను. కాపీ చేసేటప్పుడు రంగు ప్రమాణం 601, 709ల మధ్య తారుమారై పిక్సెల్ విలువలే మారి, ఎర్రటి తలపాగా నారింజకు జరిగినప్పుడు వీమాఫ్ పెద్దగా నోరు విప్పదు, ఇవి చెబుతాయి.

ఒక ఫ్రేము జరిగితే

కాపీని కావాలనే ఒక ఫ్రేము ఆలస్యంగా మొదలుపెట్టి కొలిచాను. నాణ్యత అణుమాత్రం చెడలేదు, కానీ తప్పెటగుళ్ల క్లిప్పులో పీఎస్‌ఎన్‌ఆర్, వీమాఫ్ రెండూ కూలిపోయాయి. మూలంతో పోల్చే కొలమానాలన్నిటికీ ఉన్న షరతు ఇది. ఎంత తెలివైన కొలమానమైనా ఎదురుగా పెట్టిన రెండు ఫ్రేములూ ఒకే క్షణానివి అని నమ్ముతుంది.

గుర్తుపట్టే మార్గం ఫ్రేమువారీ లాగ్‌లో ఉంది. ఆటగాళ్లు ఆగి నిలబడిన చోట అంకె హఠాత్తుగా పైకి లేచి, మళ్లీ అడుగు వేయగానే పడిపోతే, అది కుదింపు నష్టం కాదు, జరుగుడు. హరికథలో దాసుగారు కూర్చున్న భాగాల్లో ఇది దాదాపు బయటపడదు కాబట్టి, సరిచూడటానికి ఎప్పుడూ ఎక్కువ కదలిక ఉన్న భాగాన్నే తీసుకోవాలి. రెండు ఇన్‌పుట్లకూ `setpts=PTS-STARTPTS` పెట్టడం వల్ల ప్రారంభ సమయాల తేడా పోతుంది కానీ, తప్పిపోయిన ఫ్రేము తిరిగి రాదు.

పదును పెట్టిన కాపీ

మా ఎడిటర్ తమ్ముడు ఫోన్ కాపీలకు కొంచెం పదును పెడతానని అడిగాడు. "అన్నా, చూడు, నీ అంకె కూడా పెరిగింది" అని చూపించాడు. నిజంగానే పదును పెట్టి కుదించిన కాపీకి వీమాఫ్ పెరిగింది, పీఎస్‌ఎన్‌ఆర్ తగ్గింది. అంచుల వ్యత్యాసాన్ని పెంచితే వివరాలు ఎక్కువైనట్టు వీమాఫ్ లెక్కగడుతుంది. చూసేవారికి అది కొంతవరకు నచ్చవచ్చు, గజ్జెల చుట్టూ తెల్లని గీత కనిపించేదాకా పెంచినా అంకె మాత్రం వెంటనే కోప్పడదు.

ఎన్‌కోడర్ సెట్టింగులను పోల్చేటప్పుడు ఈ లాభం లెక్కలోకి రాకూడదు. అందుకోసమే ఉన్న `vmaf_v0.6.1neg` నమూనా అలాంటి పెంపుదలకు మార్కులు ఇవ్వదు. దానితో కొలిస్తే తమ్ముడి కాపీకి వచ్చిన లాభం చాలావరకు కరిగిపోయింది. భద్రపరచడంలో నా పక్షపాతం మూలం వైపే ఉంటుంది కనుక, ఇకపై సెట్టింగుల పోలికకు ఈ నమూనానే వాడతాను.

అసలు కుదింపు

పై పరీక్షలన్నీ కృత్రిమమైనవి. అసలు పనిలో రెండు క్లిప్పులనూ లిబ్‌ఎక్స్264 ఎన్‌కోడర్‌తో, అంకె పెరిగేకొద్దీ ఎక్కువ కుదించే సీఆర్‌ఎఫ్ సెట్టింగును ఒకే 26 వద్ద ఉంచి కుదించాను. తప్పెటగుళ్లకు పీఎస్‌ఎన్‌ఆర్ 31 దగ్గర, హరికథకు 41 పైన వచ్చింది. పీఎస్‌ఎన్‌ఆర్ మాట వింటే హరికథ అద్భుతంగానూ ఆట నాసిగానూ ఉండాలి. టీవీ ముందు జరిగింది వేరు. ఆటలో ఎవరికీ పెద్ద లోటు కనిపించలేదు, ఎందుకంటే దుమ్మూ మట్టీ వేగమూ కలిసిన చోట దోషం ఆ గందరగోళంలోనే దాక్కుంటుంది. హరికథలో దాసుగారి వెనుక తెర మీద వెలుగు చీకటిలోకి జారే చోట మెట్లుమెట్లుగా చారలు కనిపించాయి.

ఈ రెండు క్లిప్పులకూ మధ్య ఉన్న 10 డెసిబెల్స్ దూరాన్ని వీమాఫ్ చాలా తగ్గించింది. ఆటకు 80ల చివర, హరికథకు 90ల మధ్య వచ్చింది. సుమారు 6 పాయింట్ల తేడా ఉంటేనే కంటికి తెలుస్తుందన్న వాడుక ప్రకారం చూస్తే ఇవి ఆ అంచు దగ్గరే ఉన్నాయి. ఈ కారణం చాలు, వేర్వేరు దృశ్యాల మధ్య పోలికకు పీఎస్‌ఎన్‌ఆర్‌ను నేను వదిలేశాను. ఒకే క్లిప్పు, ఒకే ఎన్‌కోడర్, సెట్టింగు మాత్రమే మారినప్పుడు అది ఇప్పటికీ పనికొస్తుంది, పైగా చాలా వేగంగా నడుస్తుంది.

అయితే చారల విషయంలో వీమాఫ్ కూడా మోసపోయింది. పక్కపక్క మెట్ల మధ్య తేడా ఒకటి రెండు విలువలే కనుక అది దాని లెక్కకు ఆనదు, విశాలమైన చదునైన తెర మీద కంటికి మాత్రం ఆనుతుంది. దీనికోసమే నెట్‌ఫ్లిక్స్ వారు తయారుచేసిన క్యాంబీ అదే లైబ్రరీలో ఉంది. దానికి మూల ఫైలుతో పని లేదు, కాపీని మాత్రమే చూసి చారలను కొలుస్తుంది. సున్నా అంటే చారలు లేవు, 5 దగ్గర నుంచి ఇబ్బంది మొదలవుతుంది. ఆదేశంలో `name=cambi` చేర్చగానే హరికథలో మేము వేలు పెట్టి చూపించిన భాగాల్లోనే అంకె 5 దాటింది. ఎన్‌కోడర్‌కు `aq-mode=3` ఇస్తే చీకటి భాగాలకు ఎక్కువ బిట్లు కేటాయిస్తుంది. ఆ మార్పుతో ఫైలు కొద్దిగా పెరిగింది, తెర మీద చారలు బాగా తగ్గాయి, వీమాఫ్ మాత్రం దాదాపు కదలలేదు. 10 బిట్ల కాపీ చారలకు ఇంకా మంచి మందే కాని, ఊళ్లలోని చాలా ఫోన్లు 10 బిట్ల హెచ్.264ను సాఫీగా ఆడించలేవు.

ఫోన్ కాపీ, సగటు

ఫోన్ కోసం 960×540 కాపీ చేసినప్పుడు, కొలిచే ముందు దాన్ని `scale=1920:1080:flags=bicubic` తో మూలం సైజుకు పెంచాలి. వీమాఫ్‌లోని ఫోన్ నమూనా ఇదే కాపీకి టీవీ కోసం ఉన్న మామూలు నమూనా కన్నా ఎక్కువ అంకె ఇస్తుంది, చిన్న తెర లోపాలను దాచేస్తుంది కనుక. కాబట్టి ఏ నమూనాతో కొలిచామో రాయకుండా అంకెను మాత్రమే రాసిపెట్టడం వల్ల ప్రయోజనం లేదు. మా లాగ్ ఫైళ్ల పేర్లలోనే నమూనా పేరు చేర్చాను.

క్లిప్పు మొత్తానికి సగటు చూడటం కూడా మానేశాను. ఆట ఊపందుకుని అందరూ ఒక్కసారిగా తిరిగే కొద్ది సెకండ్లలో అంకె 70 దిగువకు వెళ్లినా, మిగతా నిమిషాల నెమ్మది భాగాలు దాన్ని కప్పేస్తాయి. గురువుగారికి కావలసింది ఆ కొద్ది సెకండ్లే. అందుకే ఫ్రేములను అంకె ప్రకారం పేర్చి, కింది నుంచి నూటికి 5వ స్థానంలో ఉన్న విలువను చూస్తున్నాను. అది నెగ్ నమూనాలో 80 దాటేలా ప్రతి క్లిప్పుకూ విడిగా సీఆర్‌ఎఫ్ ఎంచుతున్నాను. తప్పెటగుళ్లకు 24 వచ్చింది. హరికథకు వీమాఫ్ ప్రకారం 29 సరిపోయేది, క్యాంబీ ఒప్పుకోనందున 25 దగ్గర ఆపాను.

తరువాతి పని

వచ్చే విడత పాత వీడియో టేపుల నుంచి ఎక్కించిన జముకుల కథలు. అవి ఒక్కో ఫ్రేములో రెండు క్షణాల గీతలు కలిసి ఉండే ఇంటర్లేస్డ్ వీడియోలు, గీతలూ గరకూ నిండినవి, వాటికి శుభ్రమైన మూలం ఎక్కడా లేదు. ఆ గరకును తీసేసిన కాపీని గరకుతో ఉన్న ఫైలుతో పోలిస్తే పీఎస్‌ఎన్‌ఆర్, వీమాఫ్ రెండూ శుభ్రం చేయడాన్నే నష్టంగా లెక్కిస్తాయి. కాబట్టి శుభ్రం చేసే దశను కంటితోనే నిర్ణయించి, అలా వచ్చిన ఫైలును మూలంగా ఉంచుకుని, అక్కడి నుంచి కుదింపును మాత్రమే వీమాఫ్‌తో కొలుస్తాను. డీఇంటర్లేస్ చేసినప్పుడు ఫ్రేముల సంఖ్య రెట్టింపు అవుతుందా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి, లేకపోతే ఒక ఫ్రేము జరిగిన సమస్యే ఇక్కడ ప్రతి రెండవ ఫ్రేముకూ ఎదురవుతుంది.